పదో కార్డు

సొరుగులో తొమ్మిది కార్డులే ఉన్నాయి.

రోవీనా మళ్లీ లెక్కపెట్టింది. నిన్న సాయంత్రం పదీ లెక్కపెట్టి మరీ పెట్టింది. గబగబా పేర్లు చూసింది. డెస్ కార్డు లేదు.

ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊరి పార్కుల డిపోలో ఆమె కింద పనిచేసేది పదిమంది. ఏడాది చివరి టీ విందు ఇంకో గంటలో; అక్కడే ఒక్కొక్కరికీ తన చేత్తో రాసిన మెచ్చుకోలు కార్డు ఇవ్వాలి. పోయినేడు హడావుడిలో నాలుగు వాక్యాలనే అటూ ఇటూ తిప్పి పదిమందికీ రాసిచ్చింది. ట్రిష్ కార్డు, డెస్ కార్డు పక్కపక్కన పెడితే పేరు తప్ప తేడా లేదు. అందరూ పగలబడి నవ్వారు. డెస్ మాత్రం కార్డు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సిగ్గుతోనే జనవరి నుంచి ఆమె జేబులో చిన్న పుస్తకం చేరింది. ఎవరు ఏం చేశారో అదే రోజు అందులో రాసుకుంది. గతవారం పది చిత్తుప్రతులూ బల్లమీద పరిచి, ఒకదాంట్లోని మాట మరోదాంట్లో కనిపిస్తే కొట్టేసింది. ‘వెన్నెముక’, ‘అంకితభావం’ మొదటి దెబ్బకే పోయాయి. డెస్‌ది మూడుసార్లు రాసింది. అతని పని ఎవరి కంటా పడదు మరి.

ట్రిష్ తలుపులోంచి తొంగిచూసింది. “ఏం బాస్, ఈసారీ నేనూ డెస్సూ కవలలమేనా? ముందే చెబితే ఒకే రంగు చొక్కాలు వేసుకొస్తాం!”

“పో, కేకు కొయ్యి!”

ఆమె వెళ్లగానే రోవీనా పుస్తకం తీసి కొత్త కార్డు ముందేసుకుంది. అందరి ముందూ డెస్ ఒక్కడే వట్టి చేతులతో నిలబడితే, పోయినేటి గాయం ఇక మానదు. రెండో వాక్యంలో ఉండగా డెస్ లోపలికొచ్చి తలుపు మూశాడు. చేతిలో టోపీ, టోపీలో కార్డు.

“రాయకు తల్లీ. తీసింది నేనే. నిన్న నువ్వు గేటు దగ్గరుండగా సొరుగు తెరిచాను. పోయినేటి మాటలే ఉంటే, ఒంట్లో బాగోలేదని ఇవాళ ఇంట్లో ఉండిపోదామనుకున్నా. చదివి మళ్లీ అక్కడే పెట్టేద్దామనుకున్నా, ఒట్టు. కానీ ఇందులో పార్కులో ఊయల కింద మెత్తగా పరిచే చెక్కపొట్టు గురించి రాశావు. అది అణిగిపోతే పిల్లలకు దెబ్బ తగులుతుందని రోజూ పొద్దున్నే నేను కదపడం, పడ్డ పిల్ల నవ్వుతూ లేచి మళ్లీ ఊయలెక్కడం... అదంతా నువ్వు చూశావని నాకేం తెలుసు? కార్డు తిన్నగా వృద్ధుల ఆశ్రమానికి పట్టుకెళ్లి, అక్కడుంటున్న మా ఆవిడ నెల్‌కు చదివాను. ఈమధ్య నేనెవరో దానికి గుర్తుండటం లేదు. అంతా విని, ‘ఈ కార్డులో ఆయనెవరో మంచివాడే, మళ్లీ చదువు’ అంది. నాలుగుసార్లు చదివించుకుంది, రోవీనా. అందుకే నిన్ననే వెనక్కి తేలేకపోయాను.”