సందులేని షరతు

కోర్టు ఎదురుగా టైపు కొట్టు నడుపుకునే ఆవిణ్ణి అందరూ తాళమ్మ అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, ఇరవై ఆరేళ్లుగా ఆ పేరుతో పిలిచిన పాపాన పోయినవాళ్లు లేరు. ఆవిడ టైపు చేసిన రాజీ పత్రంలో చీమ దూరే సందు ఉండదు. అందుకని వకీళ్లు పెట్టిన పేరది. "తాళమ్మ చేత చేయించావా? ఇక అవతలివాడు తల బాదుకోవాల్సిందే" అని నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. పొగడ్త ఎవరికి చేదు లెండి!

అంతటి మనిషికి సొంత తమ్ముడితోనే దావా పడింది. తండ్రి వదిలిపోయిన ఇల్లు ఒక్కటి. తల్లి తన వాటా పిల్లలిద్దరికీ చెరిసగం వదిలేసి, కొడుకు దగ్గరే ఉంటానంది. అక్కడికి అంతా సవ్యమే. పంచుకునే రోజున మరదలు నోరు జారింది. "ఒక్క కడుపుకి ఇన్ని గదులెందుకో!" అంది. ఆ మాట ఒంటరి మనిషి తాళమ్మ గుండెలో ముల్లులా దిగింది. మూడేళ్లపాటు కోర్టు మెట్లెక్కారు, దిగారు. ఒకే గేటులోంచి వస్తూ పోతూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చివరికి కోర్టు వాళ్లను మధ్యవర్తిత్వానికి పంపింది. మధ్యవర్తి తల నెరిసిన వకీలమ్మ, ఓపిక గల మనిషి. నాలుగు సిట్టింగుల్లో ఇంటి మధ్య గోడ ఎక్కడ లేవాలో, రెండో గేటు ఎటు పెట్టాలో, బావి నీళ్లు ఎలా వాడుకోవాలో తేల్చేసింది. ఐదో షరతు మాత్రం తాళమ్మ పట్టుబట్టి పెట్టించింది. ఒకరి భాగంలోకి మరొకరు గానీ, వాళ్ల కుటుంబీకులు గానీ, ఆ భాగం యజమాని రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప అడుగు పెట్టకూడదు.

"అమ్మా, 'జబ్బు, చావు లాంటి సమయాల్లో తప్ప' అని ఒక్క ముక్క చేరుద్దామా?" అంది వకీలమ్మ.

"వద్దండీ. 'లాంటి' అన్నచోటే తగువు మొదలవుతుంది. ఎన్ని చూళ్లేదు నేను!"

"ఎప్పుడైనా నీకే అవసరం పడుతుందేమో?"

"నాకా? ఆ గుమ్మం తొక్కే ఖర్మ నాకేం పట్టిందండీ!"

తమ్ముడు మెతక మనిషి. "అక్క ఎలా అంటే అలా" అన్నాడు. తాళమ్మ తన కొట్లోనే, తన చేత్తోనే, 'ఏ కాలమందైనను, ఏ కారణము చేతనైనను' అని బిగించి మరీ టైపు చేసింది.

లోక్ అదాలత్ రోజున జడ్జీ, ఒక వకీలు, ఒక సంఘసేవకురాలు బల్ల వెనక కూర్చుని షరతులన్నీ చదివి వినిపించారు. ఎవరి బలవంతమూ లేదు కదా అని అడిగారు. లేదన్నారు అక్కా తమ్ముడూ. "ఇది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దీనిమీద అప్పీలు లేదు" అన్నాడు జడ్జీ.

"తర్వాత మార్చుకోవాలంటేనో సార్?" అన్నాడు తమ్ముడు, బెదురుగా.

"ఇద్దరూ ఒప్పుకుంటే మీలో మీరు సర్దుకోండి, ఎవరు కాదంటారు? ఒక్కళ్లే వచ్చి మార్చమంటే మాత్రం కుదరదు."

సంతకాలయ్యాయి. గోడ లేచింది. తల్లికి కూతురి గడప ఎక్కాలంటే అనుమతి కావాలి కదా! తాళమ్మ శాశ్వత అనుమతి ఒకటి టైపు చేసి తలుపు వెనక అంటించింది. ముసలావిడ రోజూ పొద్దున్నే వచ్చి వసారాలో కూర్చుని, "నా కూతురింటికి నాకు పర్మిటు" అని నవ్వేది. అలా తల్లే వస్తూ ఉండటంతో ఐదో షరతు తాళమ్మకు ఏనాడూ తగల్లేదు. మరదలికి తగిలింది. ఆరేసిన చీర గాలికి గోడ దాటి పడితే, ఆ పిల్ల గేటు తీసుకుని వచ్చి పట్టుకుపోయింది. వారం తిరక్కుండా వకీలు నోటీసు వెళ్లింది. మళ్లీ అడుగు పెడితే అమలు పిటిషన్ వేస్తామనీ, సివిల్ జైలు దాకా పోతుందనీ. ఆ పిల్ల రెండు రోజులు అన్నం మానేసింది. తాళమ్మ మనసు చల్లబడింది. నిజమే చెప్పుకోవాలి, చల్లబడింది.

మొన్న సోమవారం తల్లి స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది, దానిమీద జ్వరం, ఆయాసం. ఆస్పత్రివాళ్లు చేతులెత్తేసి ఇంటికి పంపేశారు. గోడకి ఇవతల కూర్చుని తాళమ్మ అవతల తల్లి దగ్గు వింటూ రాత్రంతా కన్ను మూయలేదు. తెల్లారగానే లోక్ అదాలత్ ఆఫీసుకి పరిగెత్తింది.

"ఒక్క లైను కొట్టేయండి నాయనా" అంది.

గుమాస్తా ఆవిణ్ణి తన చిన్నప్పట్నుంచీ ఎరుగును. "మా చేతుల్లో లేదు తాళమ్మగారూ. మోసం జరిగిందంటే హైకోర్టుకి వెళ్లాలి. ఎవరు మోసం చేశారంటారు? టైపు చేసింది మీరే కదా?" అన్నాడు. వెక్కిరింత కాదు, పాపం, అతనికీ బాధగానే ఉంది. "మీ తమ్ముడు సరేనంటే చాలు. ఆయన్ని అడగండి" అన్నాడు.

పదకొండింటికి తమ్ముడి గేటు ముందు నిలబడింది. మూడేళ్ల దావా, రెండేళ్ల గోడ, అన్నీ దిగమింగుకుని, "ఒరేయ్, అమ్మని చూడనివ్వరా" అంది.

తమ్ముడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాకేం అడ్డక్కా? మీ మరదలే భయపడుతోంది. చీర కోసం వస్తేనే జైలన్నావు. పాత నోటీసు వెనక్కి తీసుకున్నానని రెండు ముక్కలు రాసియ్యి. కింద నువ్వు రావచ్చని నేనూ రాసి సంతకం పెడతా. అంతే." లోపలికెళ్లి పిల్లల నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి, పెన్నుతో సహా గేటు కమ్మీల్లోంచి అందించాడు. "ఇక్కడే రాసెయ్యి. అమ్మ నిన్నే కలవరిస్తోంది."

తాళమ్మ ఆ రూళ్ల కాగితం వైపు చూసింది. దానికి మార్జిన్ లేదు, తేదీ లేదు. రేపు ఈ మరదలు మాట మారిస్తే ఎవరికి దిక్కు? "చేత్తో రాసింది నిలవదురా. పది నిమిషాల్లో టైపు చేసుకొస్తా" అంది.

"అక్కా, ఇప్పుడు..." అంటూనే ఉన్నాడు. ఆవిడ అప్పటికే సందు మలుపు తిరిగింది.

కొట్లో కూర్చుని రెండు ముక్కలే మొదలుపెట్టింది. రోజుకి ఎన్నిసార్లు రావచ్చో రాయకపోతే ఎలా? రాసింది. ఏ గేటులోంచి? రాసింది. ఈ అనుమతి వల్ల ఐదో షరతు రద్దు కాదని ఒక పేరా. తల్లి జీవించి ఉన్నంత వరకు మాత్రమే చెల్లుతుందని నాలుగో పేరా. ఒకచోట తేదీ తప్పు పడితే కాగితం చించేసి మళ్లీ తీసింది. అంత తొందరలోనూ అలవాటు తప్పలేదు. రెండు ప్రతులు తీసి, సాక్షుల గీతలు గీసి లేచేసరికి గంటా ఇరవై నిమిషాలైంది.

వెళ్లేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. తమ్ముడు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి లేవలేదు.

తాళమ్మకి అర్థమైంది. అర్థం కానట్టుగా కాగితాలు చాపింది.

"ఎందుకక్కా ఇప్పుడు? అరగంటైంది" అన్నాడు. "కాగితం తెస్తోందమ్మా అన్నాను. 'రెండు ముక్కలకి ఇంతసేపా దానికి?' అంది. అదే ఆఖరు మాట."

మరదలు ఏడుస్తూ బయటికొచ్చి, "రండి వదినా" అని చెయ్యి పట్టుకుంది. ఆ కాగితాన్ని ఎవరూ చదవలేదు. అందులో ఏముందో తాళమ్మ ఒక్కదానికే తెలుసు. నాలుగో పేరా ప్రకారం అనుమతి అరగంట కిందటే చెల్లిపోయింది. రెండు ప్రతులూ అరుగుమీద పెట్టేసి, ఏ అనుమతీ లేకుండా ఆవిడ గడప దాటింది.