కుడిచేతి పక్కన మీట

పక్షవాతం నాగరత్నమ్మ కాళ్లను ముట్టుకోలేదు, మాటను ముట్టుకోలేదు. ఎడమచెయ్యి ఒక్కటే పట్టుకుపోయింది. చూడవచ్చినవాళ్లంతా కుడిచెయ్యి మిగిలిందని సంతోషించారు. కడుక్కునే చోట ఆ చెయ్యి పనికిరాదని వాళ్లకు తెలియక కాదు, ఆ మాట అనడానికి అందరికీ సిగ్గు.

అన్నం తినే చెయ్యి అక్కడికి పోదు. అందుకని రెండు నెలలుగా కోడలు శైలజ చెంబు పట్టుకుని అత్త వెంట లోపలికి వెళ్తోంది. ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. అదే నాగరత్నమ్మకు మరీ నరకంగా ఉంది. గడియ వేసుకోవడం ఎలా ఉంటుందో మరిచిపోయింది. లోపలికి పోయే పని తగ్గుతుందని సంగటి సగం ముద్దకు దించేసింది.

కొడుకు కిషోర్‌కు హిందూపురం బజార్లో శానిటరీ అంగడి. రెండువేల ఆరు ఎండాకాలంలో బెంగళూరు నుంచి కరెంటుతో పనిచేసే కమోడ్ సీటు తెచ్చాడు. మీట నొక్కితే అడుగునుంచి నీళ్లు వచ్చి కడుగుతాయట. మీటలు కుడిపక్కనే ఉన్నాయని విని నాగరత్నమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"పాత మూత ఇప్పేది, ఇది బిగించేది. గంట పని" అన్నాడు కిషోర్.

ప్లంబర్ నూరుల్లా వచ్చాడు. కమోడ్ వెనక రంధ్రాలు సరిపోయాయి. ఫ్లష్ ట్యాంకుకు వచ్చే పైపును రెండు పాయలు చేసే టీ ముక్క బిగించి సీటుకు నీళ్లిచ్చాడు. వైరు పట్టుకుని చుట్టూ చూశాడు.

"కిషోరన్నా, ప్లగ్గు యాడ పెట్టల్ల?"

గీజరు ప్లగ్గు ఒక్కటుంది, తల మీద. సీటు వైరు నడుము దాకా కూడా రాదు. కిషోర్ అంగడి నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తెప్పిస్తానన్నాడు.

"తడి నేల మీద బాక్సా? అమ్మను సంపుతావా ఏంది? సాల్మన్‌ను పిలువు."

ఎలక్ట్రీషియన్ సాల్మన్ బోర్డు నుంచి వేరే వైరు లాగి, నీళ్లు చిందని గోడకు ప్లగ్గు పెట్టి, కరెంటు ఒంటికి తగిలితే పడిపోయే బ్రేకరు బిగించాడు. ఎర్త్ చూస్తే పెరట్లో గుంత ఎండి నెర్రెలిచ్చి ఉంది. ఉప్పు, బొగ్గు వేసి, రోజూ బిందెడు నీళ్లు పోయమన్నాడు. పన్నెండు రోజులకొకసారి కొళాయి వచ్చే ఊళ్లో చెంబెడు నీళ్ల పనికి బిందెడు నీళ్లు నేలపాలు. శైలజ రోజూ పోసింది.

నూరుల్లా మనిషి కూర్చున్నట్టు సీటును మోచేత్తో అదిమిపట్టి మీట నొక్కాడు. సన్నటి గొట్టం ముందుకొచ్చింది. నీళ్లు దాన్నుంచి బొట్టు బొట్టుగా కారాయి.

"మిద్దె మీద ట్యాంకు, కింద కమోడు. పదడుగులు గూడా లేదు. దీనికి పదహారడుగుల పైన నుంచి దిగే జోరు కావల్ల. స్టాండన్నా ఉండుంటే..."

కిషోర్ గొంతు సవరించుకున్నాడు. అంగడికొచ్చే ప్రతి ఒక్కరికీ ట్యాంకు ఎత్తులో పెట్టుకోమని చెప్పేది తనే. సొంతింటికి మాత్రం ముందువైపు అందం చెడుతుందని స్టాండు పీకించింది కూడా తనే.

"ఇప్పుడు మళ్లా స్టాండు కట్టేదెందుకు? ప్రెషర్ పంపు పెట్టేద్దాం" అన్నాడు నూరుల్లా.

"సూద్దాంలే" అన్నాడు కిషోర్.

ఆ చూడ్డానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా సీటు మాత్రం ఖాళీగా లేదు. కిషోర్ కొనేవాళ్లను ఇంటికి తెచ్చి చూపించేవాడు. సీటు వెచ్చబడుతుందని, మిద్దె మీద నీళ్లే మరిగే మే నెలలో, గర్వంగా చెప్పేవాడు. చేత్తో తాకి అబ్బా అని వెళ్లేవాళ్లు. వాళ్లు వెళ్లాక శైలజ చెంబు తీసుకునేది.

ఒక మధ్యాహ్నం పెనుకొండ బిల్డరు ఓబన్న భోజనానికి ఉన్నాడు. ముప్పై ఇళ్లు కడుతున్నవాడు. నాగరత్నమ్మ కొడుక్కు ఎప్పటిలాగే తన కుడిచేత్తో సంగటి ముద్ద తీసిపెడుతూ అడిగింది.

"పంపు ఎప్పుడు పెడ్తావు నాయనా?"

"పెడతాంలే మా. అంతవరకు కుడిసేత్తో సర్దుకోగూడదా? డాక్టరు గూడా అదే సెప్పె గదా."

నాగరత్నమ్మకు కళ్లు తిరిగేంత కోపం వచ్చింది. కానీ గొంతు పెంచలేదు.

"సరే. రేపట్నుంచి ఈ సేత్తోనే కడుక్కుంటా. ఈ సేత్తోనే నీకు ముద్ద పెడ్తా."

ఓబన్న తన పళ్లెంలోని ముద్ద వైపు చూశాడు. నెమ్మదిగా నీళ్లు తాగాడు. సీటు సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

మర్నాడు పొద్దు పొడవకముందే నూరుల్లా మిద్దెక్కాడు. పది గంటలకు పంపు గుయ్యిమంది.

నాగరత్నమ్మ లోపలికి వెళ్లింది. శైలజ అలవాటుగా చెంబు పట్టుకుని వెనకే నడిచింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. శైలజ చెంబులో నీళ్లు తీసుకెళ్లి ఎర్త్ గుంతలో పోసింది.

మధ్యాహ్నం నాగరత్నమ్మ ముద్ద తినేసి పళ్లెం ముందుకు జరిపింది.

"శైలజా, ఇంగొకటి పెట్టు."