ప్రోగ్రెస్ కార్డులో మూడో వాక్యం

నాలుగో తరగతి టీచరుకు ఏడాదికి రెండుసార్లు తల ప్రాణం తోకకొస్తుంది. మార్కులు వేయడం ఆమెకు పెద్ద పని కాదు. ప్రోగ్రెస్ కార్డు అడుగున ‘టీచరు అభిప్రాయం’ అని ఒక పెట్టె ఉంటుంది, చిక్కంతా దానితోనే. నలభై రెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి నాలుగు వాక్యాలు. పదిమంది దాటేసరికి “బాగా చదువుతున్నాడు, ఇంకా శ్రద్ధ పెట్టాలి” అన్న మాటనే అటూ ఇటూ తిప్పి రాస్తున్నట్టు ఆమెకే తెలిసిపోయేది.

ఈసారి పక్క తరగతి టీచరు ఒక దారి చూపించింది. అడిగింది రాసిపెట్టే ఏఐ ఒకటి కంప్యూటర్లో ఉంది. స్టాఫ్ రూములో దానికి ‘గుమాస్తా’ అని పేరు పెట్టేశారు. అక్కడ ఈమె తప్ప దాన్ని వాడనివాళ్లు లేరు, ఆ సంగతి బయట చెప్పినవాళ్లూ లేరు.

టీచరు జాగ్రత్తగానే మొదలుపెట్టింది. పిల్లల పేర్లు ఇవ్వకుండా రోల్ నంబర్లే ఇచ్చింది. ఒక్కొక్కరి గురించి తన నోట్సు నాలుగు ముక్కల్లో కొట్టింది: ‘12, లెక్కలు బాగు, దస్తూరి గజిబిజి, అందరితో కలుస్తాడు.’ ఎలా రాయాలో తెలియడానికి క్లాసులో చురుకైన ఒక పిల్ల గురించి తానే సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు నమూనాగా పెట్టింది. పదేసి మంది చొప్పున పంపింది. గుమాస్తా నిమిషంలో రాసిచ్చేసింది. మొదటి ఇరవై కార్డులూ టీచరు ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివి, అక్కడక్కడా దిద్దింది. మిగతావి కూడా అంతే నున్నగా ఉన్నాయి. నున్నగా ఉన్నదాని మీద కన్ను జారిపోతుంది. పైపైన చూసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి బుధవారం ఇళ్లకు పంపేసింది.

శనివారం తల్లిదండ్రుల సమావేశం. ముప్పై ఒకటో నంబరు పిల్ల వాళ్లమ్మ అందరికంటే ముందు వచ్చింది. టైలరింగ్ షాపులో జాకెట్లు కుడుతుంది. పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. ఇంట్లో దాని నోరు ఆగదు. బడి గేటు దాటితే మాత్రం పెదవి విప్పదు. రెండేళ్లయింది, క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. భయపెట్టకండి, బలవంతపెట్టకండి, దానంతటదే వస్తుందని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆ తల్లి కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తూనే ఉంది.

ప్రోగ్రెస్ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. పక్కన పిచ్చుక నేల చూస్తూ నిలబడింది.

“మేడం, మా షాపులో అందరికీ చదివి వినిపించాను. ఇంతకీ ఏం అడిగింది? గట్టిగానే అడిగిందా?”

టీచరుకు అర్థం కాలేదు. కార్డు తీసుకుని చూసింది. మూడో వాక్యం: ‘తెలియని విషయాన్ని ధైర్యంగా లేచి అడుగుతుంది.’

ఆ వాక్యం ఎక్కడిదో చూడగానే తెలిసింది. చురుకైన పిల్ల గురించి తాను నమూనాలో రాసిన మాట అది, అక్షరం పొల్లుపోకుండా. ఈ పిల్ల మాట్లాడదని అందరికీ తెలిసిందే కదా అని, నోట్సులో రెండే ముక్కలు కొట్టింది: ‘31, చదవడం బాగు, బొమ్మలు ఇష్టం.’ మిగతా ఖాళీని గుమాస్తా నమూనాలోంచి తెచ్చి నింపింది.

“ఇది మాత్రం ‘నేనడగలేదమ్మా’ అని మూడు రోజులుగా ఒకటే పాట,” అంది తల్లి. “సిగ్గుపడుతోందనుకున్నాను. మేడం అబద్ధం రాస్తారా అని నిన్న కసిరాను కూడా.”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ‘చిన్న గొంతుతో అడిగిందమ్మా’ అంటే చాలు, తల్లి సంతోషంగా ఇంటికి వెళుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే పిచ్చుక తలెత్తి టీచరు మొహంలోకి చూసింది.

“పాప చెప్పిందే నిజమమ్మా,” అంది టీచరు. “తను అడగలేదు. ఆ వాక్యం తన గురించి నేను రాసింది కాదు. కంప్యూటరుతో రాయించాను. చూసి దిద్దాల్సింది, చూడలేదు. తప్పు నాది.”

తల్లి కార్డు వెనక్కి తీసుకుంది. దాన్ని మళ్లీ కవరులోకి దోపడానికి ప్రయత్నించింది, మూల మడతపడింది.

“మీరు తిట్టి రాసినా బాధపడేదాన్ని కాదు మేడం,” అంది చివరికి. “మీరు చూసి రాశారనుకున్నాను.” తర్వాత కూతురి వైపు తిరిగి, “కసిరాను కదే, తప్పయింది” అంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుంది.

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ గదిలో టీచరు ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఆ ఒక్క కార్డూ మార్చి ఇవ్వండి, సరిపోతుంది,” అంది హెడ్మిస్ట్రెస్. ముప్పై ఏళ్లు బడి నడిపిన మనిషి, దేనికీ గొంతు పెంచదు. “అందరికీ చెబితే సోమవారం గేటు దగ్గర వరస కడతారు. మా వాడిది మీరు రాశారా, అది రాసిందా అని. బాగా రాసినవాటిని కూడా నమ్మరు.”

“కట్టనివ్వండి మేడం. అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం ఉండాలి కదా. ఇప్పుడు లేదు.”

హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ముందు ఎన్ని తప్పులున్నాయో చూడండి. తర్వాత మాట్లాడదాం.”

ఆదివారమంతా టీచరు నలభై రెండు కార్డులూ ముందేసుకుని, ప్రతి వాక్యం కిందా గీత గీసింది. ఈ పిల్లలో ఇది నేను చూశానా, లేదా? తాను చూడనివి మరో ఐదు కార్డుల్లో దొరికాయి. చెడ్డ మాటలేమీ కావు. ‘తోటివారికి సాయపడతాడు’, ‘ఆటల్లో ముందుంటుంది’. ఏ పిల్లకైనా నప్పే మాటలు. అందుకే పట్టుబడలేదు.

ఆ లెక్క చూశాక హెడ్మిస్ట్రెస్ ఇంక వాదించలేదు. సోమవారం నాలుగో తరగతి ఇళ్లన్నిటికీ ఒక కాగితం వెళ్లింది: నోట్సు టీచరువి, వాక్యాలు ఏఐ సాయంతో కూర్చినవి, ఆరు కార్డుల్లో తప్పులు దొర్లాయి, సరిచేసి ఇస్తున్నాం. ఈ కాగితాన్ని కూడా గుమాస్తా చేతే రాయిద్దామా అని పక్క తరగతి టీచరు అడిగితే, హెడ్మిస్ట్రెస్ అంతటి మనిషీ ఫక్కున నవ్వేసింది.

అనుకున్నంత వరస ఏమీ కట్టలేదు. నలుగురు వచ్చారు. ఒకాయన, ఇంతోటి దానికి ఫీజులెందుకని గట్టిగానే అరిచి వెళ్లాడు. ఒకావిడ, “మేమూ ఆ కార్డును ఫోనులో ఏఐకే ఇచ్చి, క్లుప్తంగా చెప్పమన్నాం లెండి” అని నవ్వింది. మందుల షాపు నడిపే ఒక తండ్రి మాత్రం కూర్చుని నెమ్మదిగా అన్నాడు: “అది రాస్తే నాకేం అభ్యంతరం లేదు. మావాణ్ణి మీరు చూశారని తెలిస్తే చాలు. ఒక్క వాక్యం మీ చేత్తో రాయండి.”

ఆ మాట టీచరుకు నచ్చింది. రెండో టర్ము నుంచి గుమాస్తాకు నమూనా ఇవ్వడం మానేసింది. నోట్సులో లేనిదేదీ చేర్చొద్దు, ఖాళీ ఉంటే ఖాళీగానే వదిలెయ్ అని చెప్పింది. అయినా అప్పుడప్పుడూ చేరుస్తూనే ఉంది, ఆమె కొట్టేస్తూనే ఉంది. ప్రతి కార్డు అడుగునా ఏఐ సాయం తీసుకున్నామని ఒక లైను అచ్చు వేశారు, దాని పైన ఒక వాక్యం పెన్నుతో. ఆ ఒక్క వాక్యం కోసం రోజుకు ఇద్దరు పిల్లల్ని ప్రత్యేకంగా గమనించడం మొదలుపెట్టింది. పని తగ్గిందా పెరిగిందా అంటే ఆమె చెప్పలేదు.

ముప్పై ఒకటో నంబరు కార్డుకు గుమాస్తాను అసలు వాడలేదు. ఆ టర్ము సమావేశం రోజు తల్లి ఆ కార్డును నిలబడే చదివింది: ‘క్లాసులో ఇంకా మాట్లాడటం లేదు. కానీ సమాధానం తెలిసినప్పుడు బల్ల మీద పెన్సిలుతో రెండుసార్లు తడుతుంది. ఈ మధ్యే నేనది కనిపెట్టాను. తట్టినప్పుడల్లా బోర్డు మీద రాయమంటున్నాను, వచ్చి రాస్తోంది.’

తల్లి రెండోసారి చదువుతుంటే పిచ్చుక ఆమె చెయ్యి లాగింది. తల్లి వంగింది. పిల్ల చెవిలో ఏదో గుసగుసలాడింది.

“రెండుసార్లు కాదట మేడం,” అంది తల్లి. “మూడుసార్లట.”

టీచరు కార్డు వెనక్కి తీసుకుని, ‘రెండు’ కొట్టేసి, పైన ‘మూడు’ అని రాసి, పక్కన చిన్న సంతకం పెట్టి ఇచ్చింది.