పితూరీలు వినే తాయారు

బస్సు ఎటు వెళ్తోందో తెలియదు గానీ వెళ్తోంది, కిటికీలోంచి ఒకసారి మా డిపో షెడ్డు, ఒకసారి కాలవ గట్టు, ఒకసారి ఆసుపత్రి వరండా వెనక్కి జరిగిపోతున్నాయి, నేను అటక మీద నుంచి దించిన పాత సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను, నా వెనక సీట్ల మీద పొడుగునా తెల్లటి పంచె పరిచి ఎవరో గుమ్మడి వడియాలు పెట్టారు. ఎవరో ఏమిటి, నా మరదలు తాయారే పెట్టింది, చేతులకి పిండి అంటుకుని, వడియాల మధ్య చోటు చేసుకుని కూర్చుని ఉంది. తాయారు పోయిన వేసవిలో కాన్సరుతో చనిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకీ తెలుసు, దాని గురించి ఇద్దరం పెద్దగా ఇబ్బంది పడటం లేదు. ఆసుపత్రిలో ఊడిపోయిన జుట్టంతా తిరిగి వచ్చింది, జడ నడుము దిగి సీటు మీద పడి ఉంది.

"సంచి సర్దుకుని ఎక్కడికి బావా?" అంటుంది.

"నెల్లూరు డిపోకి. ప్రమోషన్ ఇచ్చారు. వెళ్తానో లేదో రేపు చెప్పెయ్యాలి."

"అక్క కూడానా?"

"నేనొక్కణ్ణే. మీ అక్కని అడిగితే 'మీ ఇష్టం' అంది."

తాయారు పిండి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "మా అక్కే? పెరుగు ఏ గిన్నెలో తోడు పెట్టాలో నువ్వు చెప్పావని పొద్దున్నించి పొద్దుగూకేదాకా నా చెవి తినేసిన మనిషి, నువ్వు ఊరొదిలి పోతానంటే 'మీ ఇష్టం' అందా?"

అంది, నిజంగానే అంది, అదే నేను మోసుకు తిరుగుతున్న మాట. మా ఆవిడ కుమారి ఇప్పుడు దేనికైనా ఆ మాటే అంటుంది, కూర ఏం తేవాలన్నా, కూతురి దగ్గరికి ఎప్పుడు వెళ్దామన్నా, చివరికి ఫ్యాను పెంచనా తగ్గించనా అన్నా అదే. చెల్లెలి మంచం పక్కన నెలల తరబడి కుర్చీలో పడుకుని, ఆమెని తిప్పి, తుడిచి, తల దువ్వడానికి ఏమీ మిగలని రోజున ఉత్తినే తల నిమిరి, ఆమె పోయాక ఇంటికి వచ్చిన మనిషి, నిజానికి ఇంకా రాలేదు. వచ్చినట్టు కనిపిస్తోంది, అంతే. వంటింట్లో ఉంటుంది, పక్క గదిలో పడుకుంటుంది, భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఇన్నాళ్ళు ఓపిక పట్టాను, ఇక నాకు విసుగొచ్చింది, విసుగొచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గుగానూ ఉంది.

"దుఃఖమైతే ఓర్చుకుంటాను తాయారూ," అంటున్నాను, బస్సు ఇప్పుడు ఆసుపత్రి వరండాలోనే నడుస్తోంది, నర్సులు పక్కకి తప్పుకుంటున్నారు, "కానీ నిన్న పక్కింటి రమణమ్మగారు వస్తే నవ్వుతూ మాట్లాడింది. ఫోనులో మా అమ్మాయితో నవ్వింది. నా దగ్గరికి వచ్చేసరికే మొహం తుడిచేసిన పలకలా అయిపోతుంది. అందరి దగ్గరా అలా ఉంటే దుఃఖం అనుకోవచ్చు. నా ఒక్కడి దగ్గరే అయితే దాన్ని ఏమనుకోవాలి?"

"రమణమ్మగారు వెళ్ళాక ఏం చేసింది?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. ఆలోచిస్తే కళ్ళ ముందు కనబడుతోంది, తలుపు వేసి, గోడ వైపు తిరిగి పడుకుంది, దీపాల వేళ దాకా లేవలేదు, పొలం పని చేసి వచ్చినదానిలా పడుకుంది.

"చూశావా, నవ్వినందుకు అంత అలిసిపోయింది," అంటుంది తాయారు, ఒక వడియం చివర ఎండిందో లేదో గోరుతో చూస్తూ. "వాళ్ళ ముందు మొహం ఒకటి పెట్టుకోవాలి బావా. ఆసుపత్రిలో నా ముందు కూడా పెట్టుకునేది పాపం, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చి, బయటికొచ్చి నాకు జోకులు చెప్పేది. నీ దగ్గరికొచ్చి తీసేస్తోంది. నీకు నచ్చలేదు."

"అది నువ్వు చెప్పే మంచి మాట. నిజం అదే అని ఏమిటి గ్యారంటీ?"

"నాకేం తెలుసు! చచ్చినదాన్ని. నువ్వు చూసి పక్కన పడేసిందే నేను తీసి చూపిస్తున్నాను. ఇంకేం మానేసింది? నీతో మాట్లాడటమొకటే మానేసిందా?"

మల్లెమొక్కలకి నీళ్ళు పోయడం మానేసింది, రెండు ఎండిపోయాయి కూడా. ప్రాణంలా చూసే సీరియల్ మానేసింది. జుట్టుకి రంగు మానేసింది. కూరలో ఉప్పు ఒకసారి మరచిపోతుంది, ఒకసారి రెండుసార్లు వేస్తుంది. చెబుతుంటే నాకే వింతగా ఉంది, నేను వీటన్నిటినీ చూస్తూ కూడా, నన్ను మానేసిన సంగతి ఒక్కదాన్నే విడిగా తీసి గుండెల మీద పెట్టుకున్నాను.

"అంతకు ముందు? నాకు జబ్బు రాకముందు నీ మీద మనసు విరిగినట్టు ఎప్పుడైనా ఉందా?"

"విరగడమా? రోజూ దెబ్బలాటే కదా. దెబ్బలాడి, సాయంత్రం టీ వేళకి నీకు ఫోన్ చేసి, మళ్ళీ మామూలుగా వచ్చి కూర్చునేది."

అంటున్నానో లేదో వడియాల కింద ఎక్కడో ఫోను మోగుతుంది. తాయారు కదలదు. ఆ మోత వరండా అంతా నిండిపోతుంది, వరండా కాలవ గట్టు అయిపోతుంది, నీటి మీద ఎండ పడుతోంది, ఫోను మాత్రం మోగుతూనే ఉంది.

"ఎత్తవేం?"

"అక్కే. రోజూ ఈ వేళకే. నేనెలా ఎత్తను బావా?" నవ్వడం మానేసింది. ఇంతసేపట్లో తాయారు మొహంలో బాధ కనిపించడం ఇదే మొదలు.

టీ వేళకి కుమారి ఫోను చేతిలోకి తీసుకోవడం, తెరను చూసి మళ్ళీ బల్ల మీద బోర్లా పెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎవరి ఫోను కోసమో చూస్తోందనుకున్నాను. ఒకరోజైతే, చెప్పడానికి నామోషీ, ఇంకెవరైనా ఉన్నారేమో అని కూడా అనుకున్నాను.

"నీకు తెలుసా, అక్క నాకు నీ మీద ఎన్ని పితూరీలు చెప్పేదో?" అంటుంది తాయారు, ఫోను ఆగాక. "నువ్వు ముక్కు చీదిన దగ్గర్నించి మొదలెట్టేది. నేను 'పోనీలే, బావ మంచోడే' అంటే నా మీద పడేది, 'అవునే, వెనకేసుకు రావే ఆయన్ని, నీకు మీ బావ మహా మంచోడు' అనేది. చివరికి నవ్వేది. పెట్టేసేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట, 'వస్తానే, ఆయన టీ అడుగుతారు.' నీ దగ్గరికి రావడానికి ముందు నా దగ్గరికి వచ్చేది బావా. ఇప్పుడు ఎలా వస్తుంది?"

బస్సు ఎప్పుడు ఆగిందో తెలియదు. చిన్నప్పటి నుంచీ మెకానిక్కుగా బళ్ళ కింద పడుకుని బతికినవాణ్ణి, చెవి దానంతటదే అటు పోయింది, ఇంజన్ ఆడుతూనే ఉంది, గేరు మాత్రం పడటం లేదు. మా కుమారీ ఇప్పుడు ఇలాగే ఉందనిపించింది.

"ఇలాగే ఉంటే?" అన్నాను. "ఎన్నాళ్ళు చూడమంటావు? నేనూ మనిషినే కదా."

"మనిషివే. అలిసిపోయావు, ఆ సంగతి అక్కకి చెప్పావా?"

"దాని దుఃఖం మీద నా గోల ఏమిటని..."

"అందుకని నువ్వూ 'నీ ఇష్టం' అంటున్నావు. అక్క 'మీ ఇష్టం', నువ్వు 'నీ ఇష్టం'. చక్కగా ఉంది. ఇప్పుడైతే దుఃఖమే బావా. కానీ ఇద్దరూ అడగకుండా ఇలా వేరే వేరే ఊళ్ళలో కూర్చుంటే, కొన్నాళ్ళకి నిజంగానే దానికి అలవాటుపడిపోతారు. అప్పుడు నువ్వు భయపడిందే నిజమవుతుంది."

పక్కకి చూస్తే, వడియాల మీద నా తువ్వాలు పడి ఉంది, తడిగా, నీళ్ళు కారుతూ. తాయారు రెండు వేళ్ళతో దాన్ని పైకి ఎత్తింది.

"ఆరుతున్న వడియాల మీద తడి తువ్వాలు! నువ్వు మారవు. ఇంట్లోనూ మంచం మీద పడేస్తున్నావా?"

"పడేస్తున్నాను. ఇదివరకు వీధి చివరికి వినపడేలా అరిచేది. ఇప్పుడు నోరెత్తదు. తీసుకెళ్ళి ఆరేస్తుంది."

"విసిరికొట్టడం లేదా?"

"లేదు."

"కుళ్ళిపోనీ అని వదిలెయ్యడమూ లేదా?"

"లేదు."

"ఊఁ" అని మాత్రం అంటుంది, తువ్వాలు పిండుతూ, దాని నీళ్ళు కాలవలోకి పడుతున్నాయి.

నాకు ఒక్కసారిగా ఆత్రం వచ్చింది, ఈ బస్సు కదిలిపోతుందేమోనని. "తాయారూ, ఆఖరిసారి నా మీద ఏం చెప్పింది? ఏదైనా సరే, ఎంత చేదుదైనా సరే చెప్పు. తిట్లు తిని ఎన్నాళ్ళైందో."

"అవి నాకు చెప్పినవి. నీకెందుకు చెబుతాను?" అంటూ లేచింది. పంచె ఆ చివరా ఈ చివరా పట్టుకుని వడియాలు దులుపుతోంది, ముఖం కనబడటం లేదు. "దాన్నే అడుగు. ఇక వినేవాడివి నువ్వే."

దిగొద్దు అంటున్నాను, ఎక్కడ దిగుతావు, అక్కని ఒకసారి చూసి వెళ్ళు అంటున్నాను, నోట్లోంచి మాట రావడం లేదు, సంచి బరువు గుండెల మీద పడి ఊపిరాడటం లేదు.

కళ్ళు తెరిచాను. తెల్లారింది. సంచి నిజంగానే మంచం పక్కన, నిన్న నేను దించిన చోటే ఉంది. వంటింట్లో గిన్నె చప్పుడు. నేను మొహం కూడా కడుక్కోకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. కుమారి స్టవ్వు వైపు తిరిగి ఉంది, టీ వడగట్టే జల్లెడ చేతిలో ఉంది.

"తాయారు కలలోకి వచ్చింది," అన్నాను.

జల్లెడ ఆగిపోయింది. "ఏమంది?"

ఎన్నో నెలల తర్వాత ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఏం చెప్పాలో ముందే అనుకున్నవాడిలా చెప్పాను. "నువ్వు తనకి చెప్పే పితూరీలన్నీ ఇక నన్నే వినమంది. నాకూ వినాలనే ఉంది కుమారీ. నువ్వేమీ అనకపోతే నాకు నువ్వు లేనట్టుంది. నేను బాగా అలిసిపోయాను."

ఆమె స్టవ్వు కట్టేసింది. వీపు కదలడం చూసి ఏడుస్తోందని తెలిసింది, దగ్గరికి వెళ్ళలేదు, నిలబడే ఉన్నాను. మెల్లగా ముక్కు చీది, పైటతో కళ్ళు తుడుచుకుంది.

"తడి తువ్వాలు," అంది.

కలలోని తువ్వాలు సంగతి నేను చెప్పనే లేదు. 

"మంచం మీద తడి తువ్వాలు వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పానండీ? రోజూ తీసి ఆరేస్తున్నాను, ఆరేసినప్పుడల్లా తాయారుకి ఫోన్ చేద్దామనిపిస్తోంది." గొంతు కొంచెం పెద్దదైంది. "సంచి ఒకటి. అటక మీద నుంచి మీరే దించేసుకున్నారు. నెల్లూరు నేనొక్కణ్ణే వెళ్తాను, నీకేమైనా అభ్యంతరమా అని అడిగారు గానీ, నువ్వూ వస్తావా అని ఒక్కసారైనా అడిగారా?"

"లేదు," అన్నాను.

రెండు గ్లాసుల్లోకి టీ వంచింది. ఒకటి నా ముందుకి జరిపి, గోడకి ఆనించి ఉన్న పీట కాలితో లాగింది.

"కూర్చోండి," అంది. "చాలా ఉన్నాయి."