నకలు అర్జీ

నరసరావుపేట సబ్‌రిజిస్ట్రారాఫీసు ఎదురు వసారాలో ఇరవై ఆరేళ్లుగా దస్తావేజులు రాస్తున్నా. నా పేరు సుభానీ. నా రాత మంచిదని ఊళ్ళో పేరుంది, నా నోరు మంచిది కాదని అంతకంటే పెద్ద పేరుంది. రెండూ నిజమే, నేనేం కాదనను.

ఎనభై ఆరు ఆగస్టులో ఒకరోజు పొద్దున ఆరోగ్యమ్మ వచ్చింది. రెంటచింతల మనిషి, పెద్దాసుపత్రిలో నర్సు. ముప్పై ఏళ్లుగా ఆసుపత్రి క్వార్టర్సులోనే కాపురం. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నాకంటే ఆరేళ్లు పెద్దది, అక్కా అని పిలుస్తా. వచ్చే మార్చిలో రిటైరు. మే నెలాఖరుకల్లా క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. సంచీలోంచి టైపు కొట్టిన నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

"శ్రీమన్నారాయణ గారు స్టేషను అవతల ఫ్లాట్లు కడుతున్నారు గదా తమ్ముడూ. ఒకటి తీసుకుందామని. ఇది అగ్రిమెంటు. రేపు సంతకాలన్నారు. ఒకసారి చూసి పెట్టు."

"ఎంత?"

"తొంభై వేలు. నా పీఎఫ్, గ్రాట్యుటీ, అమ్మ వాటా పొలం అమ్మిన డబ్బులు, అంతా కలిపితే సరిగ్గా అంతే అవుద్ది. అది పోతే నాకు ఇంకేం లేదు."

శ్రీమన్నారాయణ గారు పత్తి మిల్లు యజమాని. మా ఊళ్ళో ఫ్లాట్లు కట్టడం అదే మొదలు. అంతకుముందు మాకు తెలిసిన అగ్రిమెంటల్లా పొలాలదే. బయానా ఇస్తాం, పంట డబ్బులొచ్చాక మిగతాది కడతాం, రిజిస్ట్రీ చేసుకుంటాం. పొలం అక్కడే ఉంటది, ఎటూ పోదు. ఫ్లాటు అట్టా కాదు. ఉన్నదాన్ని కొనటంలా, రేపు ఉంటదన్న మాటను కొంటున్నాం. అప్పట్లో దానికంటూ వేరే చట్టమేదీ మా దాకా రాలా. కాగితంలో ఏముంటే అదే మనకు దిక్కు.

చదివా. గుంటూరులో ఎవరో వకీలు రాసిచ్చింది. తెలివిగలవాడే. సంతకం నాడు ముప్పై వేలు, మూడు నెలలకు ముప్పై, ఆరు నెలలకు ఇరవై, చివర పది.

"ఏంది అక్కా ఇది? నువ్వేమన్నా మిరప చేను కౌలుకు తీసుకుంటున్నావా, నెలలు లెక్కబెట్టి కట్టటానికి? ఆరు నెలలకు ఎనభై వేలు కట్టేస్తావు. అప్పటికి ఆయన పునాది గుంటలు తవ్వి చేతులు కట్టుకుంటే ఏం చేస్తావు?"

"ఆయన అట్టాంటి మనిషి కాదు తమ్ముడూ."

"మనిషి సంగతి నాకెందుకు? నేను కాగితం చదువుతున్నా."

స్వాధీనం ఎప్పుడిస్తారో చూశా. 'నిర్మాణం పూర్తయిన పిమ్మట తగిన సమయంలో' అని ఉంది. తేదీ లేదు. ఆలస్యమైతే? వానలు, సిమెంటు కొరత, కూలీలు దొరక్కపోవడం, 'మరి ఏ ఇతర కారణము'. వీటికి బిల్డరు బాధ్యుడు కాదంట. అదే ఆరోగ్యమ్మ ఒక వాయిదా ముప్పై రోజులు దాటిస్తే అగ్రిమెంటు రద్దు, కట్టింది జప్తు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మునిగినా ఆమే మునగాలి, ఆమె మునిగినా ఆమే మునగాలి.

"స్థలం కాగితాలు చూశావా?"

చూపించింది. అన్నీ ఉన్నాయి. యాభై ఒకటిలో ఆయన తండ్రి బెల్లంకొండ మనిషి దగ్గర కొన్న దస్తావేజు. డెబ్భై నాలుగులో అన్నదమ్ముల పంపకాల దస్తావేజు, ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. మునిసిపాలిటీ ఇచ్చిన ప్లాను, పన్ను రసీదు. ముప్పై ఏళ్ల ఈసీ కూడా. ఆ స్థలం మీద ఏ అమ్మకం, ఏ తాకట్టు రిజిస్టరైనా అందులో పడద్ది. పంపకాలు తప్ప ఇంకేం లేదు, శుభ్రంగా ఉంది.

"టైటిల్ బాగుంది అక్కా. మిగతావి నేను సరిచేస్తా," అన్నా. పాత కాగితాలు మడిచి సంచీలో పెట్టబోయా.

అప్పుడు ఆగా. ఆ దస్తావేజులు రెండూ అసలువి కావు. మా ఎదురాఫీసులో ఇచ్చే నకళ్ళు. వెనక ముద్ర పక్కన అర్జీ తేదీ, అర్జీదారు పేరు నా రాతలోనే ఉన్నాయి. జూలై పదకొండు, శ్రీమన్నారాయణ. ఆ అర్జీ రాసింది ఎవరు? నేనే. ఇదే బల్ల మీద, ఐదు రూపాయలు తీసుకుని రాశా. ఆరోజు వేడి టీ కూడా తాగించాడు.

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ల అనుభవం ఏం చేసుకోను? బీరువాలో అసలు కాగితం ఉన్నవాడు డబ్బులు పెట్టి నకలు ఎందుకు తీయించుకుంటాడన్న ముక్క నేను అడగలా. ఐదు రూపాయలొచ్చాయి, రాసి పారేశా. ఇప్పుడు టైటిల్ బాగుందని కూడా అనేశా. ఆ మాట అన్న నోటిని చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"అక్కా, నేను తొందరపడ్డా. రేపు సంతకం పెట్టబాక. ఆయన్ని ఇక్కడికి రమ్మను. డబ్బులు తేబాక."

మర్నాడు పదింటికి శ్రీమన్నారాయణ గారు వచ్చారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. బెంచీ మీద ఆరోగ్యమ్మ పక్కనే కూర్చున్నారు.

"ఏం సాయిబూ, నా కాగితంలో పేలు ఏరుతున్నావంట?"

"ఏరాల్సినన్ని ఉన్నాయి గదండీ. ముందు ఒకటి చెప్పండి. అసలు దస్తావేజులు ఎక్కడున్నాయి?"

ఆయన గొడుగు ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి మార్చుకున్నారు. "బ్యాంకులో. మిల్లుకు అప్పు తెచ్చా, నాలుగు లక్షలు. గుంటూరు బ్రాంచీలో కాగితాలు పెట్టా. అయితే ఏంది? ఊళ్ళో ఎవడి కాగితాలు వాడింట్లో ఉన్నాయి? ఈసీ చూసుకో, ఏమన్నా పడిందా?"

"అట్టా రిజిస్ట్రీ లేకుండా బ్యాంకులో కాగితాలు పెట్టి తెచ్చే అప్పు ఈసీలో పడదు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలియంది ఈమెకు."

ఆరోగ్యమ్మ నా వైపు తిరిగింది. "అంటే ఏంది తమ్ముడూ?"

"మిల్లు అప్పు తీరకపోతే బ్యాంకోడు ఆ స్థలం మీదికి వస్తాడు. దాని మీద నువ్వు కట్టుకున్న ఇల్లుంటది."

"నేను తీర్చనా?" ఆయన గొంతు పెరిగింది. "ఆరోగ్యమ్మా, నువ్వు చెప్పు. ఇరవై ఏళ్ల నుంచి ఎరుగుదువు. నా మాట మీద నమ్మకం లేదా నీకు? లేదంటే చెప్పు, కాగితం చింపి పారేస్తా. కొనేవాళ్ళు చానామంది ఉన్నారు."

ఇక ఆమె లొంగుతుందనుకున్నా. పెద్దమనిషి మాట అన్నాక మా వైపు ఎవరూ కాగితం గురించి మాట్లాడరు. మాట్లాడితే అవమానించినట్టే లెక్క. సగం ఇళ్ళు అట్టాగే పోయాయి.

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"అన్నా, డెబ్భై ఆరులో మీ పెద్దమ్మాయి పురిటికి మా దగ్గరికి తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ అన్నారు డాక్టరు గారు. అల్లుడు ఊళ్ళో లేడు. నేను మీ చేతికి కాగితం ఇచ్చి సంతకం అడిగా. మీరేమన్నారు?"

ఆయన గొడుగు పిడి తిప్పుతున్నారు. ఆమే చెప్పింది.

"నా కూతుర్ని బతికించమంటే సంతకాలేంది, నేను వద్దంటానా, అని కసిరారు. సంతకం లేందే థియేటర్లోకి తీసుకుపోయేది లేదన్నా. మీరు తిట్టుకుంటానే పెట్టారు. ఆరోజు నాకు మీ మీద నమ్మకం లేకనా? అన్నా, పని పెద్దది, అందుకని. ఇవాళ నా బతుకు మీ చేతిలో పెడుతున్నా. నాకూ సంతకం కావాలి."

నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి సిరాబుడ్డి మూత తీసి మళ్ళీ పెట్టా.

శ్రీమన్నారాయణ గారు గొడుగు గోడకు ఆనించారు. "రాయి సాయిబూ. ఏం కావాలో రాయి."

రాశా. బ్యాంకు నుంచి ఉత్తరం రావాలి: ఆరోగ్యమ్మ మొత్తం ధర కట్టాక ఆమె ఫ్లాటు మీద, స్థలంలో ఫ్లాటుతో పాటు ఆమెకొచ్చే విడదీయని వాటా మీద బ్యాంకుకు హక్కు ఉండదని. ఆ ఉత్తరం చేతికొచ్చాకే అడ్వాన్సు, పదివేలు. ప్రతి వాయిదా, బ్యాంకుకు లెక్క తెలిసేలా, అక్కడి ఆయన ఖాతాకు డీడీ. పునాది లేచాక పదిహేను, ఆమె అంతస్తు స్లాబు పడ్డాక ఇరవై, గోడలకు ఇరవై, తలుపులు, కరెంటు, నీళ్ళు వచ్చాక పదిహేను. ఆఖరి పదివేలు రిజిస్ట్రీ చేసి తాళం చేతికిచ్చిన రోజు. స్వాధీనం తేదీ 1987 మే 31. 'మరి ఏ ఇతర కారణము' కొట్టేశా. తేదీ దాటితే తాళమిచ్చేదాకా నెలకు నాలుగొందలు అద్దె ఆయనే కట్టాలి. ఆరు నెలలు దాటితే ఇష్టం ఆమెది. కట్టిందంతా నూటికి పద్దెనిమిది వడ్డీతో వెనక్కి అడగొచ్చు, లేదా ఆగి, రిజిస్ట్రీ చెయ్యమని కోర్టుకెళ్ళొచ్చు. ఆ డబ్బు వెనక్కి వచ్చేదాకా స్థలంలో ఆయన వాటా మీద ఆమెకు హక్కు.

నెలాఖరులో బ్యాంకు ఉత్తరం వచ్చింది. నేను గుంటూరు బస్సెక్కి పోయి మేనేజరుని కలిసి, ఉత్తరం ఆయనిచ్చిందేనా అని అడిగి వచ్చా. బస్సు చార్జీ ఆమె ఇస్తానంది, నేను తీసుకోలా. ఎందుకు తీసుకోలేదో ఆమెకు చెప్పలా.

ఆయన మోసగాడు కాదు. కానీ ఆ ఏడు పత్తి ధర పడింది, ఇంటి పని నడవలా. మే 31కి గోడలున్నాయి, తలుపుల్లేవు, నీళ్ళు లేవు. ఆరోగ్యమ్మ క్వార్టర్సు ఖాళీ చేసి బరంపేటలో ఒక గదిలోకి మారింది. తలుపుల్లేవు గాబట్టి ఆ వాయిదా కట్టే పనిలేదు. ఆమె డబ్బు పాతిక వేలు ఆమె దగ్గరే ఉంది. జూన్ ఆఖర్న శ్రీమన్నారాయణ గారే నా బల్ల దగ్గరికొచ్చి నాలుగొందలు పెట్టారు. "రసీదు రాయి. నెలకు నాలుగొందలు పొయ్యే బదులు తలుపులు పెట్టించొచ్చని నా భార్య నస పెడతాంది." ఐదు నెలలు అట్టాగే వచ్చారు. అక్టోబరులో నీళ్ళొచ్చాయి.

నవంబరు మొదట్లో రిజిస్ట్రీ. దస్తావేజు నేనే రాశా, తప్పు లేకుండా మూడుసార్లు సరిచూసుకున్నా. సంతకాలకు పిలిచారు. శ్రీమన్నారాయణ గారు పెట్టేశారు. ఆరోగ్యమ్మ మాత్రం బెంచీ మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. వేలు పెట్టి, లైను లైనూ.

లోపల రిజిస్ట్రారు గారు చూస్తున్నారు. నాకు ఉండబట్టలా. "అక్కా, రాసింది నేనే గదా. నా మీద కూడా నమ్మకం లేదా?"

ఆమె తలెత్తలా. వేలు మాత్రం ఆగింది.

"నకలు అర్జీ కూడా నువ్వే రాశావు గదా తమ్ముడూ. ఆ నకళ్ళ మీద నీ రాత నాకూ కనపడింది. నువ్వే చెప్తావేమోనని ఏడాది పైగా చూస్తన్నా."

ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నా. ఆమె పేజీ తిప్పింది. చివరిదాకా చదివింది. అప్పుడు సంతకం పెట్టింది.