రొటేషన్ వెనక దొంగ

హజీరా ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌కు చదువుతోంది. విరామానికని ఫోన్ పట్టిందంటే గంట హుష్‌కాకి. బోయిగూడలో పుస్తకాల బైండింగ్ చేసే ఆమె తండ్రి జమాలుద్దీన్‌కు ఒళ్లు మండింది. పాత డిటెక్టివ్ నవల కుట్లు విప్పి, ఆమె ఫిజిక్స్ మెటీరియల్‌లో చాప్టర్‌కు నాలుగు పేజీల చొప్పున కుట్టేశాడు. ముందే చూసేయకుండా అంచులు అంటించాడు. ఆఖరి పేజీలు మాత్రం ఆమె ఎప్పుడూ తప్పించుకునే రొటేషన్ చాప్టర్ వెనక పెట్టాడు.

ఆ ఒక్క చాప్టరే మిగిలాక హజీరా అడిగింది: "దొంగ ఎవరో జెర చెప్పు, అబ్బా."

"లెక్కలు చేసినంక చూస్కో."

మూడు రోజుల్లో రొటేషన్ లెక్కలన్నీ ముగించి హజీరా అంచు కోసింది. చివరి కాగితం మీద తండ్రి రాత: "బేటా, చిత్తు కాగితాల్లో కొన్న బుక్కు. ఆఖరి పేజీ ముందునుంచే లేదు. దొంగ ఎవరో నువ్వే రాయి."

కిందనే రాసి ఇచ్చింది: "బైండర్. ఇంకో నవల ఎప్పుడు కుడ్తవ్?"