రెండు రోజులు ముందే

కంకిపాడులో మా గ్రంథాలయానికి కంప్యూటర్ వచ్చినప్పుడు పుస్తకాల లెక్కల షీటు తయారు చేసింది నేనే. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారు, గడువెప్పుడు, ఎన్ని రెన్యువల్స్ అయ్యాయి, ఫైన్ ఎంత, అన్నీ అదే చూపిస్తుంది. గడువు దాటితే గడి ఎర్రబడుతుంది. ఎర్రగడి చూస్తే నాకూ ఒళ్లు మండేది. అంకమ్మరావు దగ్గర ఆటలు సాగవని ఊళ్లో పేరు. ఆ పేరంటే నాకు గర్వంగా ఉండేది కూడా.

పుస్తకం పధ్నాలుగు రోజులకిస్తాం. రెండుసార్లు రెన్యువల్. ఆలస్యమైతే రోజుకో రూపాయి. ఏడాదిలో మూడుసార్లు ఆలస్యమైతే కార్డు మూడు నెలలు ఆగిపోతుంది.

జులై పన్నెండున నజీమా పాలిటీ పుస్తకం తెచ్చింది. దర్జీ రహ్మాన్ కూతురు. పగలంతా అంగట్లో మిషన్ తొక్కి, పోటీ పరీక్షకి ఇంట్లో చదువుకునేది. మేం ఏడింటికే తలుపులు మూస్తాం కాబట్టి ఇక్కడ కూర్చుని చదవడం ఆమెకు కుదరదు. షీటు చూశాను. గడువు జులై ఆరు. ఎర్రగడి.

"ఆరు రూపాయలమ్మా. ఇది మూడోసారి. కార్డు ఆగిపోయింది."

"లేదు సార్, ఇంకా రెండు రోజులుంది. పద్నాలుగో తారీఖు దాకా టైముంది. ఇదిగో, రాసుకొచ్చాను," అని చిన్న కాగితం ముందు పెట్టింది. "పోయిన రెండుసార్లూ నేనే తప్పు లెక్కేసుకున్నానేమో అని కట్టేశాను. ఈసారి వేళ్లమీద లెక్కపెట్టాను సార్. సెప్టెంబర్లో పరీక్ష. కార్డు ఆపకండి సార్."

"కంప్యూటర్‌కి నీకంటే బాగా లెక్కలు రావా? డబ్బు కట్టి కదులు, వెనకాల జనం ఉన్నారు."

వెనకాల ఉన్నది ఒక్కడే. ఆ కాగితం నేను చూడలేదు. ఆమె కళ్లలో నీళ్లు మాత్రం చూశాను. అయినా కరగలేదు. ఆరు రూపాయలు కట్టి వెళ్లిపోయింది. అక్టోబరు పన్నెండుకి కార్డు తెరుచుకుంది. ఆమె రాలేదు.

అదే నెల ముప్పై ఒకటిన జీవరత్నం గారు పుస్తకం తెచ్చారు. రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. షీటు రెండు రూపాయల ఫైన్ చూపించింది. ఆయనకు కుర్చీ వేసి మరీ చెప్పాను.

"అదేంటయ్యా! గడువు ఇరవై. పదిహేనునే వచ్చి రెన్యువల్ చేయించుకున్నాను. మీ కార్డు వెనకాల ఏం రాశారు? గడువు తేదీకి పధ్నాలుగు రోజులు కలుపుతామని. అంటే నవంబరు మూడు. మరి ఇరవై తొమ్మిది ఎక్కణ్ణుంచొచ్చిందయ్యా?"

షీటు తెరిచి చూశాను. పాత గడువుకి కలపాల్సింది పోయి, రెన్యువల్ చేసిన రోజుకి పధ్నాలుగు కలిపేలా షీటులో లెక్క పెట్టాను. ఆఖరి రోజున వచ్చేవాళ్లకి ఏ నష్టమూ లేదు. ఎన్ని రోజులు ముందొస్తే అన్ని రోజులు పోతాయి. తేదీ అయినా చెప్పానా? "ఇంకో పధ్నాలుగు రోజులు" అని చేత్తో పొమ్మనేవాణ్ణి.

నజీమా పేరు వెతికాను. జూన్ రెండున తీసుకుంది, గడువు పదహారు. పదకొండున ఒకసారి, ఇరవై రెండున మరోసారి వచ్చింది. సరిగ్గా కలిపితే జూన్ ముప్పై, తర్వాత జులై పద్నాలుగు. పన్నెండునే తెచ్చిచ్చింది. అంతకుముందు రెండు ఆలస్యాలూ ఇలాంటివే. తలకొట్టేసినట్టయింది. జీవరత్నం గారు చెబితే షీటు తెరిచాను. ఆ పిల్ల చెబితే కదలమన్నాను.

మూడుసార్లు కట్టించుకున్నది మొత్తం పన్నెండు రూపాయలు. అవి కవర్లో పెట్టుకుని అంగడికి వెళ్లాను. మిషన్ ముందు కూర్చుని జాకెట్టు కుడుతోంది.

"తప్పు నాదమ్మా. నీ లెక్కే కరెక్టు. షీటు సరిచేశాను. ఆ మూడు ఆలస్యాలూ కొట్టేశాను. రేపు వచ్చి కావాల్సిన పుస్తకాలు తీసుకో."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని వెళ్లిన సంగతి నాకూ తెలుసు. ఆమె మిషన్ ఆపింది.

"పరీక్ష అయిపోయింది సార్. నాలుగు మార్కుల్లో పోయింది. ఆ పుస్తకంలో ఆఖరి మూడు చాప్టర్లు చదవలేదు. కార్డుంటే మళ్లీ తీసుకునేదాన్నే."

"మరి ప్రతిసారీ అంత ముందుగా ఎందుకొచ్చేదానివమ్మా?" నోరు జారింది. ఆఖరి రోజున వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదని నా బాధ.

ఆమె నన్ను వింతగా చూసింది.

"మీరే కదా సార్ బోర్డు పెట్టారు? గడువు దాకా ఆగొద్దు, ముందే రండి అని."

కవరు మిషన్ బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. ఆ బోర్డు ఇంకా నా కుర్చీ వెనక గోడకే ఉంది, నా చేతిరాతతో.